రిలీజ్ కాగితం మీద రెండో సంతకం

(ఒక పాల డెయిరీ మేనేజింగ్ డైరెక్టర్ ఉద్యోగులందరినీ సమావేశపరిచి చేసిన ప్రసంగం. వ్యక్తుల పేర్లు, కంపెనీ పేరు తొలగించాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. రెండో ప్లాంటు వాళ్లు, చిల్లింగ్ సెంటర్ల వాళ్లు ఫోనులో వింటున్నారు కాబట్టి ఇక్కడ మాట్లాడేవాళ్లు మైకు దగ్గరకు వచ్చి మాట్లాడండి.

విషయం ముందే చెప్పేస్తాను. పెద్ద ప్లాంటులో ల్యాబ్ ఇన్‌చార్జ్‌గా ఉన్న మేడమ్ గారు వచ్చే ఒకటో తేదీ నుంచి కంపెనీ మొత్తానికీ నాణ్యత విభాగం జనరల్ మేనేజర్‌గా బాధ్యతలు తీసుకుంటున్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ మొదలు ట్యాంకర్ డ్రైవర్ల దాకా అందరూ ఆమెను ‘ల్యాబ్ మేడమ్’ అనే పిలుస్తారు. నేనూ ఇవాళ అలాగే అంటాను. (చప్పట్లు)

చప్పట్లు బాగానే ఉన్నాయి. పూలగుత్తులు, శాలువా తర్వాత చూసుకుందాం. మామూలుగా ఇలాంటి ప్రకటనకు నోటీసు బోర్డులో నాలుగు వాక్యాలు చాలు: ‘కష్టపడి పనిచేశారు, అంకితభావం చూపారు, అభినందనలు.’ ఆ నోటీసు చదివి ఎవరికీ ఏమీ తెలియదు. మరునాడు టీ దగ్గర మాత్రం రెండు ప్రశ్నలు తిరుగుతాయి. ఆమెకే ఎందుకిచ్చారు? ఇక నుంచి నేను ఎవరికి జవాబు చెప్పాలి? ఈ రెండింటికీ నేనే ఇక్కడ జవాబు చెబుతాను.

ముందుగా ఎందుకు అన్నది. ఒక సంఘటన చెబుతాను. ల్యాబ్ వాళ్లకు తెలుసు, ప్యాకింగ్ వాళ్లలో చాలామందికి సగమే తెలుసు.

పచ్చిపాలలో ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ సహజంగానే ఉంటుంది. పాలను 72 డిగ్రీల వేడిలో 15 సెకన్లు ఉంచితే అది నశిస్తుంది. పాల ద్వారా రోగాలు తెచ్చే సూక్ష్మజీవులు అంతకంటే కొంచెం తక్కువ వేడికే చస్తాయి. అందుకని ఈ ఎంజైమ్ పోయిందంటే అవి కూడా పోయాయని ధైర్యంగా చెప్పవచ్చు. పాశ్చరైజ్ చేసిన పాలలో దాని జాడ కనిపించిందంటే కారణం రెండింటిలో ఒకటి. వేడి చాలలేదు, లేదా వేడి చేసిన పాలలో ఎక్కడో పచ్చిపాలు కలిశాయి. నమూనాలో మందు కలిపి 37 డిగ్రీల నీళ్లలో ఉంచితే, ఎంజైమ్ మిగిలి ఉన్నప్పుడు పసుపు రంగు తిరుగుతుంది. పూర్తి ఫలితానికి రెండు గంటల వరకూ పడుతుంది. ఈ రెండు గంటలను గుర్తు పెట్టుకోండి. మన తగాదాలన్నీ ఇక్కడే పుడతాయి. ప్యాకెట్లు సిద్ధంగా ఉంటాయి, తెల్లవారుజాము వ్యాన్లు వరుసలో నిలబడి ఉంటాయి, ల్యాబ్‌లో మాత్రం గాజు గొట్టం నీళ్లలోనే ఉంటుంది.

కొన్నాళ్ల కిందట పెద్ద ప్లాంటులో రాత్రిపూట ఒక్కో లాటుకు పసుపు రంగు కనిపించడం మొదలైంది. రోజూ కాదు. నాలుగైదు రోజులు శుభ్రంగా ఉండి, ఒకరోజు మళ్లీ వచ్చేది. ఉష్ణోగ్రత చార్టు తీసి చూస్తే గీత 72 మీదే చక్కగా ఉండేది. ప్రొడక్షన్ వాళ్లు మందు పాడైందేమో అన్నారు. అనడం తప్పు కాదు, చార్టు వాళ్ల పక్షానే ఉంది కదా. మేడమ్ వాదనకు దిగలేదు. అదే నమూనాను కొంత మరిగించి ఒక గొట్టంలో, పచ్చిపాలు ఇంకో గొట్టంలో పెట్టి, అదే మందుతో పరీక్షించారు. మరిగించినది తెల్లగా ఉండిపోయింది, పచ్చిపాలు పసుపు రంగుకు మారాయి. మందు బాగానే ఉందని తేలింది. అంటే పాలలోనే తేడా ఉంది.

తర్వాత ఆమె చేసిన పనే ఈ పదోన్నతికి అసలు కారణం. ల్యాబ్ రిజిస్టరు, ఉష్ణోగ్రత చార్టులు, ఎలక్ట్రికల్ వాళ్ల లాగ్ పుస్తకం, ఈ మూడింటినీ ఒకే బల్ల మీద పక్కపక్కన పరిచారు. ఎలక్ట్రికల్ లాగ్ పుస్తకాన్ని నాణ్యత కోసం చూసినవాళ్లు ఈ కంపెనీలో అంతకు ముందు ఎవరూ లేరు. పసుపు వచ్చిన ప్రతి రాత్రీ, ఆ లాటుకు కాస్త ముందు కరెంటు పోయి జనరేటర్ అందుకుంది. కరెంటు పోని రాత్రుల్లో పసుపు రాలేదు.

కరెంటు పోతే పాలలో ఎంజైమ్ ఎందుకొస్తుంది? పాశ్చరైజర్ దగ్గర పనిచేసేవాళ్లకు రీజనరేషన్ ప్లేట్లు తెలుసు. మిగతావాళ్ల కోసం చెబుతాను. చల్లటి పచ్చిపాలు లోపలికి వెళ్తూ, వేడెక్కి తిరిగొస్తున్న పాల వేడిని తీసుకుంటాయి. రెండింటి మధ్య పలుచటి స్టీలు రేకు ఒక్కటే అడ్డం. ఆ రేకుకు వెంట్రుకంత పగులు వచ్చినా ప్రమాదం ఉండకూడదనే, పాశ్చరైజ్ అయిన పాల వైపు ఒత్తిడి ఎప్పుడూ ఎక్కువగా ఉంచుతారు. అప్పుడు కారినా మంచిపాలే పచ్చిపాలలోకి కారతాయి. నష్టం ఉంటుంది గాని ప్రమాదం ఉండదు. కరెంటు పోయి యంత్రం మళ్లీ మొదలైనప్పుడు ఈ లెక్క తలకిందులవుతుంది. పాలు 72 డిగ్రీలకు చేరేదాకా మళ్లింపు వాల్వు వాటిని వెనక్కే పంపుతుంది. కాబట్టి మంచిపాల వైపు ప్లేట్లలో కొత్త ప్రవాహం ఉండదు, ఒత్తిడి ఉండదు. పచ్చిపాల పంపు మాత్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో పగులుంటే పచ్చిపాలు ఇటువైపుకు కారతాయి. వేడి కొలిచే సూచిక ఉన్నది ఇంకొక చోట. అందుకే చార్టులో ఏమీ తెలియదు.

ప్లేట్లు విప్పించాలని ఆమె అడిగారు. విప్పి, ఒకవైపు రంగు ద్రావణం పూసి, రెండోవైపు దీపం కింద చూస్తే ఒక ప్లేటు మీద సన్నటి గీత బయటపడింది. రెండు ప్లేట్లు ఒకదానికొకటి ఆనుకునే చోట అరిగి పగిలింది. చేత్తో తడిమితే తెలిసేది కాదు. ప్లేటు మార్చాం. మంచిపాల వైపు ఒత్తిడి పైచేయి అయ్యేదాకా పచ్చిపాల బూస్టర్ పంపు మొదలవకుండా మీట కూడా అమర్చాం. ఆ తర్వాత కరెంటు ఎన్నిసార్లు పోయినా పసుపు కనిపించలేదు.

ఇందులో నాకు ముఖ్యంగా కనిపించింది ఇంకొకటి ఉంది. ఆ రాత్రుల్లో లాటు ఆపింది ఎవరు? ల్యాబ్ కాదు. ల్యాబ్‌కు ఆపే అధికారమే లేదు. మేడమ్ చెబితే ప్లాంటు మేనేజర్ గారు ఆపారు. ఆయన ఇక్కడే ఉన్నారు, ఆయన ముందే చెబుతున్నాను. వ్యాన్లు ఆలస్యమయ్యాయని అమ్మకాల వాళ్లు ఆయనకు ఫోన్ల మీద ఫోన్లు చేశారు, ఆయన తలొగ్గలేదు. అయితే ఆ లాటు ఆగింది ఆయన మంచితనం వల్ల, మన పద్ధతి వల్ల కాదు. ఆయన సెలవులో ఉండి, ఆయన స్థానంలో ఇంకొకరు ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. లీటర్లు ఎన్ని పంపావన్నదాని మీద మార్కులు పడే మనిషి కింద, ‘పంపకండి’ అని చెప్పవలసిన మనిషిని కూర్చోబెట్టాం. ఒకే ప్లాంటు, ఒకే కెమిస్టు ఉన్న రోజుల్లో అలా నడిచింది. ఇప్పుడు నడవదు.

రెండో కారణం చిన్నదే. ఒకసారి పెరుగు తోడుకోలేదు. ట్యాంకు నిండా పాలు, తోడు వేసి గంటలు గడిచినా ఆమ్లత్వం పెరగలేదు. తోడు కల్చర్ మార్చాలన్నారు కొందరు. మేడమ్ దాచి ఉంచిన ట్యాంకర్ నమూనాల్లో యాంటీబయాటిక్ పరీక్ష చేయించి ఒక ట్యాంకర్‌ను, అందులోంచి ఒక బల్క్ కూలర్‌ను, చివరికి ఒక ఊరి కేంద్రాన్ని పట్టుకున్నారు. అక్కడ కొన్ని గేదెలకు పొదుగువాపు వచ్చి మందు ఎక్కించారు. మందు వాడాక ఇన్ని రోజులు పాలు పొయ్యకూడదని మందు పెట్టె మీదే ఉంటుంది. రైతుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఆ కేంద్రం పాలు తీసుకోవడం మానేయమని చాలామంది అన్నారు. ఆమె పశువైద్యుడితో మాట్లాడి, మందు పడిన పశువు కాలికి రంగు తాడు కట్టించే ఏర్పాటు చేయించారు. తాడు తీసేదాకా ఆ పాలు కేంద్రానికి రావు. రైతు పోలేదు, పెరుగు తోడుకుంది.

ఇక ఏవి కారణాలు కావో కూడా చెప్పాలి. సీనియారిటీ కారణం కాదు. ఆమె కంటే సీనియర్లు ఇద్దరు ఈ పోస్టుకు దరఖాస్తు చేశారు. వాళ్లెవరో మీలో చాలామందికి తెలుసు, నేను పేర్లు చెప్పను. వాళ్లతో నేను విడివిడిగా కూర్చుని మాట్లాడాను. ఎందుకు రాలేదో వాళ్లకు చెప్పాను, ఇక్కడ చెప్పను. ఈ సభలో మొదటిసారి విని ఎవరి ముఖమైనా మాడకూడదని ముందే ఆ పని చేశాను. ఆమె కింద పనిచేయబోయే రెండో ప్లాంటు ల్యాబ్ ఇన్‌చార్జ్ గారికి కూడా ముందే తెలుసు. మహిళ అని ఇచ్చారని ఎవరైనా అనుకుంటే, ఎలక్ట్రికల్ లాగ్ పుస్తకం కథ మళ్లీ వినండి. (నవ్వులు)

ఆమెకు తక్కువ ఉన్న అనుభవం కూడా చెబుతాను, ఆమెతో చెప్పిన తర్వాతే చెబుతున్నాను. పాల సేకరణ వైపు ఆమె పని చేయలేదు. ఉదయం నాలుగున్నరకు ఊరి కేంద్రంలో క్యాన్లు ఎలా వస్తాయో, సాయంత్రం పాలు చల్లబడేలోపు ఎన్ని ఆటంకాలో కాగితం మీద తెలుసు గాని కళ్లతో చూసింది తక్కువ. అందుకే మొదటి మూడు నెలలు వారంలో రెండు రోజులు ఆమె సేకరణ రూట్లలో తిరుగుతారు. ఆ రోజుల్లో ఆఫీసులో దొరకలేదని ఎవరూ ఫిర్యాదు చేయవద్దు.

ఇప్పుడు రెండో ప్రశ్న. ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి.

ఇప్పటిదాకా ప్రతి ప్లాంటు ల్యాబ్ ఆ ప్లాంటు మేనేజర్ కింద ఉంది. ఒకటో తేదీ నుంచి రెండు ప్లాంట్ల ల్యాబ్ ఇన్‌చార్జులు, వాళ్ల కింది కెమిస్టులు, చిల్లింగ్ సెంటర్ల కెమిస్టులు నేరుగా మేడమ్‌కు జవాబు చెబుతారు. పనితీరు మార్కులు, ఇంక్రిమెంటు సిఫార్సు, సెలవు, బదిలీ, శిక్షణ, అన్నీ ఆమె చేతుల్లోనే. ఆమె నాకు జవాబు చెబుతారు. మధ్యలో ఇంకెవరూ లేరు.

మరి ప్లాంటు మేనేజర్‌కు ల్యాబ్ మీద ఏమీ లేదా అంటే, ఉంది. గేటు లోపల భద్రతా నియమాలు, షిఫ్టు వేళలు, బస్సు, క్యాంటీన్, అగ్నిప్రమాదం వస్తే ఎటు పరిగెత్తాలి అన్నవి ఆయన మాట ప్రకారమే. కెమిస్టు షిఫ్టుకు ఆలస్యంగా వస్తే ఆయన అడగవచ్చు. కెమిస్టు ఇచ్చిన ఫలితాన్ని మార్చమని మాత్రం అడగకూడదు. మళ్లీ పరీక్షించమని అడగవచ్చు. అలా అడిగితే రెండో ఫలితంతోపాటు మొదటి ఫలితం కూడా రిజిస్టరులో ఉండాలి. మొదటిదాన్ని కొట్టివేసి రెండోది రాయడం ఉండదు.

ఇది రెండు వైపులా వర్తిస్తుంది. మేడమ్ ప్రొడక్షన్ ఆపరేటర్లకు ఆజ్ఞలు ఇవ్వరు. ఏ లైన్ మీద అర లీటరు ప్యాకెట్లు నడపాలి, ఏ సైలో ముందు ఖాళీ చేయాలి అన్నది ప్లాంటు మేనేజర్ నిర్ణయం. ఆపిన లాటును మళ్లీ పాశ్చరైజ్ చేయాలా, ఇంకేదానికైనా వాడాలా అన్నది ఆయన ప్రతిపాదించాలి, ఆమె ఒప్పుకోవాలి. ఆమెకు ఉన్న అధికారం ఒకటే, ‘ఇది బయటకు వెళ్లదు’ అనడం. ఆ ఒక్కటి మాత్రం పూర్తిగా ఆమెదే.

లాటు రిలీజ్ కాగితం అందరూ చూశారు. ఇప్పటివరకు దాని కింద ప్లాంటు మేనేజర్ సంతకం ఒక్కటే ఉండేది, ల్యాబ్ ఫలితాలు పైన అంకెలుగా ఉండేవి. కొత్త కాగితంలో రెండు సంతకాల గడులు ఉంటాయి. మొదటిది ప్రొడక్షన్‌ది, రెండోది నాణ్యతది. ఆ షిఫ్టులో ఉన్న కెమిస్టు మేడమ్ తరఫున రెండో సంతకం పెడతారు. రెండో గడి ఖాళీగా ఉంటే డిస్పాచ్ వాళ్లు వ్యాను తలుపు తెరవకూడదు. వాళ్లకు ఇంకే వివరమూ అక్కరలేదు, గడి నిండిందా లేదా చూస్తే చాలు.

సేకరణ విభాగం సంగతి కాస్త వేరు. ఊరి కేంద్రాల్లో వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్ కొలిచేవాళ్లు సేకరణ విభాగంలోనే ఉంటారు. వాళ్లను కూడా నాణ్యత కిందకు తేవాలని ఒక మాట వచ్చింది. నేను ఒప్పుకోలేదు. వాళ్లు రోజూ ఆధారపడేది రూట్ సూపర్‌వైజర్ మీద. ఇన్ని ఊళ్లలో ఉన్నవాళ్లను ప్లాంటులో కూర్చున్న వాళ్ల కింద పెడితే వాళ్లు ఎవరికీ చెందకుండా పోతారు. అయితే రైతుకు డబ్బు లెక్కగట్టేది ఆ యంత్రమే కాబట్టి, దాని కాలిబ్రేషన్, ఆకస్మిక క్రాస్‌చెక్ నాణ్యత విభాగం చేస్తుంది. యంత్రం తేడా చూపిస్తే దాన్ని పక్కన పెట్టించే అధికారం కూడా వాళ్లదే. ఆ రోజు రైతుకు ఎలా లెక్క కట్టాలన్నది మాత్రం సేకరణ విభాగమే తేలుస్తుంది.

ఆహార భద్రతా చట్టం కింద కంపెనీ తరఫున బాధ్యుడిగా మనం నామినేట్ చేసిన వ్యక్తి మారడం లేదు. కాబట్టి ఇన్‌స్పెక్టర్లు వస్తే ఇప్పటివరకు ఎవరికి ఫోన్ చేశారో వాళ్లకే చేయండి. మేడమ్‌కూ చేయండి.

మార్కుల సంగతి కూడా చెప్పాలి, అది చెప్పకపోతే ఇదంతా కాగితం మీదే మిగులుతుంది. నాణ్యత కారణంగా ఆగిన లీటర్లు ఆ నెల ప్లాంటు మేనేజర్ లక్ష్యంలో లోటుగా లెక్కించం. అలాగే ఎన్ని లాట్లు ఆపారన్నది మేడమ్ పనితీరుకు కొలత కాదు. ఆపినకొద్దీ మార్కులు వస్తాయంటే అన్నీ ఆపుతారు, పంపినకొద్దీ వస్తాయంటే అన్నీ పంపుతారు. ఆపిన లాటుకు కారణం ఎంత త్వరగా దొరికింది, అదే కారణం మళ్లీ వచ్చిందా అన్నదే నేను చూస్తాను. ఈ అర్ధ సంవత్సరంలో ఇప్పటిదాకా చేసిన పనికి కెమిస్టులకు మార్కులు పాత ప్లాంటు మేనేజర్లే వేస్తారు. ఎవరి పని ఎవరు చూశారో వాళ్లే వెయ్యాలి కదా.

ఆమె ఖాళీ చేస్తున్న పెద్ద ప్లాంటు ల్యాబ్ ఇన్‌చార్జ్ పోస్టుకు లోపలివాళ్లే దరఖాస్తు చేసుకోవచ్చు. నెలాఖరు దాకా గడువు. అంతవరకు రాత్రి షిఫ్టు సీనియర్ కెమిస్టు గారు చూసుకుంటారు. రెండు కుర్చీల్లో మేడమ్ ఒక్కరే కూర్చోవడానికి నేను ఒప్పుకోను. కూర్చుంటే పాత కుర్చీ పనే జరుగుతుంది, కొత్తది ఆగిపోతుంది.

ప్రశ్నలుంటే అడగండి.

(ప్యాకింగ్ విభాగం ఉద్యోగి: సార్, రాత్రి రెండు గంటలకు కెమిస్టు ఆపమన్నారు, మా మేనేజర్ గారు పంపమన్నారు. నేను ఎవరి మాట వినాలి?)

ఆపమన్నవారి మాట. అందులో రెండో ఆలోచన లేదు. మేనేజర్ గారికి అభ్యంతరం ఉంటే ఆయన మేడమ్‌కు ఫోన్ చేస్తారు. ఇద్దరికీ కుదరకపోతే నాకు చేస్తారు, రాత్రి రెండయినా సరే. ఆ ఫోన్లు నడుస్తున్నంతసేపూ పాలు చల్లగదిలోనే ఉంటాయి. మీరు పంపకపోయినందుకు మిమ్మల్ని ఎవరైనా ఏమైనా అంటే, అది నాకు రాతపూర్వకంగా ఇవ్వండి.

(రెండో ప్లాంటు నుంచి ఫోనులో: మీరే పంపమంటే సార్?)

మంచి ప్రశ్న. ఫాస్ఫటేజ్ కనిపించిన లాటును పాలుగా పంపమని చెప్పే అధికారం నాకు కూడా లేదు. ప్యాకెట్ కొంచెం ముడత పడింది, తేదీ ముద్ర కాస్త వంకరగా పడింది అన్నవాటిలో మేడమ్, మేనేజర్ ఒప్పుకోకపోతే నేను తేలుస్తాను, తేల్చి రాతలో సంతకం పెడతాను. సురక్షితమా కాదా అన్నదానిలో ఆమె సంతకమే ఆఖరిది. ఇది కాగితంలో కూడా రాశాం, మీకు ఇవాళే వస్తుంది.

(అమ్మకాల విభాగం ఉద్యోగి: లాటు ఆగితే ఏజెంట్లకు మేం ఏమని చెప్పాలి?)

ఎంత ఆలస్యం, ఏ ప్యాకెట్ అన్నది డిస్పాచ్ ఇన్‌చార్జ్ మీకు చెబుతారు. కారణం ల్యాబ్‌ను అడగవద్దు, పరీక్ష మధ్యలో ఉన్న కెమిస్టుకు ఫోన్ అసలే చేయవద్దు. ఆ రెండు గంటల్లో కెమిస్టుకు వచ్చే ప్రతి ఫోనూ ‘త్వరగా తేల్చు’ అన్నట్టే వినిపిస్తుంది. ఏజెంట్లకు ఆలస్యం గురించి వెళ్లే సందేశం ఇకపై అమ్మకాల మేనేజర్ ఒక్కరి నుంచే వెళ్తుంది.

ఇంకేమైనా ఉందా? లేకపోతే మేడమ్ రెండు మాటలు మాట్లాడతారు. కొత్త రిలీజ్ కాగితం నమూనా, ఎవరు ఎవరి కింద అన్న పట్టిక రెండు ప్లాంట్ల గేటు దగ్గర, ప్రతి ల్యాబ్ తలుపు మీద రేపు ఉదయానికల్లా అంటించి ఉంటాయి. పాత కాగితాలు ముప్పయ్యో తేదీ రాత్రి షిఫ్టు దాకానే చెల్లుతాయి. మిగిలిన పుస్తకాలు స్టోర్‌కు తిరిగి ఇచ్చేయండి. రెండో షిఫ్టు వాళ్లకు బస్సు బయట సిద్ధంగా ఉంది, మేడమ్ మాట్లాడేదాకా ఆగుతుంది.